అమెరికాకు వెళ్లే సంక్రాంతి పెట్టె: పోస్టు రాయడానికి ముందు వేయవలసిన లెక్క, రాయవలసిన మాట

పిండివంటలు విదేశాలకు పంపే దుకాణాల వాళ్లు ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న ఒకటే: "సోషల్ మీడియాలో పండుగ పోస్టు ఎప్పుడు పెట్టాలి, ఏమి రాయాలి?" ఫొటోలు, రంగులు, ముగ్గుల బొమ్మల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ నేను తేదీ గురించి, కస్టమ్స్ గురించి మాత్రమే రాస్తున్నాను. అమ్మకం తరువాత వచ్చే గొడవలు దాదాపు అన్నీ ఈ రెండింటి దగ్గరే మొదలవుతాయి.

సంక్రాంతిని, అమెరికాను ఉదాహరణగా తీసుకున్నాను. అన్ని పండుగల్లోకీ కష్టమైన లెక్క ఇదే. పెట్టె ప్రయాణించే రోజుల్లోనే క్రిస్మస్, నూతన సంవత్సరం వస్తాయి. ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు తుఫానులకూ అదే కాలం. పైగా సంక్రాంతి వంటల్లో నువ్వులు ఎక్కువ. అమెరికా లేబుల్ నియమాల్లో ఆ మాటకు ప్రత్యేకమైన స్థానం ఉంది.

1. ముందు ఆఖరి తేదీ తేల్చుకోండి

పోస్టులోని మిగతా మాటలన్నీ ఈ ఒక్క తేదీని బట్టే నడుస్తాయి. దీన్ని పండుగ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. మా దుకాణానికి వీలైన రోజు నుంచి ముందుకు లెక్కపెట్టినప్పుడల్లా దెబ్బతిన్నాం. ఒక ఏడాది డిసెంబరు 29 వరకు బుకింగులు తీసుకుని, "సంక్రాంతికి మీ ఇంట్లో" అని పోస్టులో రాశాం. డాలస్‌లోని ఒక కుటుంబానికి ఆ పెట్టె జనవరి 19న చేరింది. లోపల అరిసెలు బాగానే ఉన్నాయి. కానీ ఆ ఇంట్లో అప్పటికి బొమ్మల కొలువు కూడా తీసేశారు.

భోగి జనవరి 14 అనుకుని లెక్క ఇలా వేయండి.

- పెట్టె ఇంటికి చేరవలసిన రోజు: జనవరి 11. మంచు కురిసినా, ఇంట్లో ఎవరూ లేక డెలివరీ మనిషి వెనక్కి వెళ్లినా మూడు రోజులు చేతిలో ఉంటాయి.
- కస్టమ్స్‌లో, ఆహార తనిఖీలో ఆలస్యానికి నాలుగు రోజులు: జనవరి 7.
- విమానం, అక్కడి కొరియర్ కలిపి ఏడు పని దినాలు. మధ్యలో శని, ఆదివారాలు, జనవరి 1 సెలవు ఉన్నాయి కనుక పదకొండు రోజులు: డిసెంబరు 27.
- క్రిస్మస్ రద్దీకి అదనంగా రెండు రోజులు: డిసెంబరు 25.
- దుకాణం నుంచి హైదరాబాద్ చేరి, తూకం, కాగితాలు పూర్తవడానికి రెండు రోజులు: డిసెంబరు 23.
- వండడానికి, ప్యాకింగుకు రెండు రోజులు: డిసెంబరు 21.
- ఆర్డర్లు పోగుచేసి, చిరునామాలు సరిచూడడానికి మూడు రోజులు: డిసెంబరు 18.

అంటే ఆఖరి బుకింగ్ తేదీ డిసెంబరు 18. మీ కొరియర్ వేగం వేరైతే ఏడు పని దినాల చోట మీ అంకె వేసుకోండి. ఆ అంకెను కొరియర్ కంపెనీ కరపత్రంలోంచి తీసుకోకండి. గత డిసెంబరులో మీరు పంపిన పెట్టెల ట్రాకింగ్ తీసి, వాటిలో అన్నిటికంటే ఆలస్యంగా చేరిన మూడింటిని చూడండి. సగటు తీసుకుంటే సగం మంది పెట్టెలు అంతకంటే ఆలస్యంగా చేరే ప్రమాదం ఉంటుంది.

తేదీతోపాటు గంట కూడా రాయాలి, అది ఎక్కడి గంటో చెప్పాలి. ఇక్కడ డిసెంబరు 18 రాత్రి 8 గంటలైతే న్యూజెర్సీలో అదే రోజు ఉదయం 9:30. "18 వరకు" అని మాత్రమే రాస్తే, అక్కడి వాళ్లు ఆఫీసు నుంచి వచ్చి ఆ రాత్రి డబ్బు పంపుతారు. మనకు అప్పటికి 19 ఉదయం, ఆర్డర్ల జాబితా మూసేసి ఉంటుంది.

2. ఆ తేదీకి నిలిచే వంటలనే పోస్టులో పెట్టండి

డిసెంబరు 21, 22 తేదీల్లో వండినది జనవరి 14న తింటారు. అంటే ఇరవై నాలుగు రోజులు. పండుగ తరువాత ఇంకో వారం పది రోజులు కొంచెం కొంచెంగా తింటారు. కాబట్టి ముప్ఫై అయిదు రోజులు నిలిచేదే పెట్టెలోకి వెళ్లాలి.

ఈ కొలతకు బొబ్బట్లు ఆగవు. కోవా, పాలతో చేసినవి ఆగవు. పచ్చి కొబ్బరి పూర్ణంతో చేసినవి ఆగవు. అరిసెలు, సున్నుండలు, నువ్వుండలు, జంతికలు, సకినాలు, చెక్కలు ఆగుతాయి. అదైనా తేమ లేకుండా వేయించి, పూర్తిగా చల్లారాక మూసినప్పుడే. పూతరేకులు నిలుస్తాయి కానీ దారిలో పొడి అవుతాయి. వాటిని వేరే గట్టి డబ్బాలో పెట్టలేకపోతే పోస్టులో చూపించకండి.

పరీక్ష సులభం. అక్టోబరులోనే ఒక పెట్టెను అమెరికాకు పంపినట్టే ప్యాక్ చేసి దుకాణంలో పక్కన పెట్టండి. 15వ రోజు, 25వ రోజు, 35వ రోజు ఒక్కో ప్యాకెట్ విప్పండి. జంతికల్లో ముందుగా రుచి మారదు, వాసన మారుతుంది: ప్యాకెట్ విప్పగానే పాత నూనె వాసన ముక్కుకు తగులుతుంది. అరిసెను మధ్యకు విరిచి చూడండి. అంచు గట్టిపడినా లోపల మెత్తగా ఉంటే పరవాలేదు. లోపల చెమ్మగా, పుల్లటి వాసనతో ఉంటే పాకం లేతగా దిగిందని అర్థం, అలాంటి వాయి ఈ ప్రయాణానికి పనికిరాదు.

పేర్ల దగ్గర ఒక మాట. ఒక ఇంట్లో కజ్జికాయలు మరో ఇంట్లో గరిజెలు. ఒకరి జంతికలు మరొకరి మురుకులు. పోస్టులో రెండు పేర్లూ రాయండి. గరిజెల కోసం వెతికే తెలంగాణ కుటుంబానికి మీ కజ్జికాయల పోస్టు కనిపించదు.

3. పెట్టె కొలత తీశాకే ధర రాయండి

సకినాలు, జంతికలు తేలికగా ఉండి చోటు ఎక్కువ తీసుకుంటాయి. కొరియర్లు అసలు బరువు, పరిమాణపు బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే పరిమాణపు బరువు కిలోల్లో వస్తుంది.

మా పెట్టె 40 × 30 × 25 సెంటీమీటర్లు. గుణిస్తే 30,000, 5000తో భాగిస్తే 6 కిలోలు. లోపల సరుకు 4 కిలోలే. పోస్టులో "4 కిలోల పెట్టె, కిలోకు ఇంత రవాణా" అని రాస్తే మిగతా రెండు కిలోల డబ్బు మీ చేతి నుంచి పోతుంది, లేదా తరువాత అడిగి మాట పోగొట్టుకోవాలి. అందుకే మేము కిలో లెక్క మానేసి, పెట్టె మొత్తానికి ఒకే ధర రాస్తున్నాం. సకినాల మధ్య ఖాళీల్లో సున్నుండల ప్యాకెట్లు సర్దితే అదే కొలతలో ఇంకో అర కిలో పడుతుంది, సకినాలు కూడా కదలకుండా ఉంటాయి.

4. కస్టమ్స్ గురించి రాయవలసిన నాలుగు మాటలు

ఇక్కడే పాత పోస్టును కాపీ చేసే అలవాటు ముంచుతుంది. "800 డాలర్ల లోపు కస్టమ్స్ సుంకం ఉండదు" అనే వాక్యం ఇప్పటికీ చాలా పోస్టుల్లో కనిపిస్తోంది. ఆ మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆపేసింది. మీ పాత పోస్టుల్లో, హైలైట్లలో, వాట్సాప్ కేటలాగులో ఆ వాక్యం ఎక్కడున్నా ఈ రోజే తీసేయండి.

మొదటి మాట: సుంకం ఎవరు కడతారు. రెండే దారులు. మీరే ముందుగా కట్టి ధరలో కలపడం, లేదా అక్కడ అందుకునేవాళ్లు కట్టడం. నేను మొదటి దారినే గట్టిగా సూచిస్తాను. భీమవరంలో అమ్మ డబ్బు కట్టి పంపిన పెట్టెకు, న్యూజెర్సీలో కూతురు గుమ్మంలో నిలబడి మళ్లీ డాలర్లు కట్టవలసి వస్తే, ఆ ఫోను ముందు అమ్మకు వెళ్తుంది, తరువాత మీకు వస్తుంది. సుంకం రేట్లు ఈ మధ్య తరచుగా మారుతున్నాయి కనుక "ఫలానా తేదీన ఉన్న రేటు ప్రకారం ఈ ధర" అని పోస్టులోనే తేదీ వేయండి. ఆ తేదీకి మీ కొరియర్ నుంచి లిఖితంగా రేటు తీసుకుని దాచుకోండి.

రెండో మాట: అసలు ధరే రాస్తాం. "బిల్లులో తక్కువ వేయండి", "బహుమతి అని రాయండి" అని చాలామంది అడుగుతారు. మీరు అమ్మిన సరుకు అది. బహుమతి అని రాస్తే తప్పుడు ప్రకటన అవుతుంది. పెట్టె విప్పి చూస్తే లోపల మీ దుకాణం లేబులే సాక్ష్యం చెబుతుంది. ఈ మాట పోస్టులోనే ఉంటే ఆర్డరు తీసుకునే అమ్మాయి ప్రతి ఒక్కరితోనూ వాదించనక్కర్లేదు.

మూడో మాట: ముందస్తు సమాచారం. అమెరికాలోకి వచ్చే ఆహారం గురించి అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకు ముందే తెలపాలి. విమానంలో వెళ్లే సరుకుకు, అది అక్కడ దిగడానికి కనీసం నాలుగు గంటల ముందు ఈ సమాచారం అందాలి. పోస్టాఫీసు ద్వారా పంపితే, పంపడానికి ముందే ఇవ్వాలి. ఇంట్లో స్వయంగా వండి సొంతవాళ్లకు కానుకగా పంపే దానికి మినహాయింపు ఉంది. దాన్ని దుకాణాలు వాడుకోకూడదు. మామూలుగా ఈ పని కొరియర్ చేస్తుంది, కానీ వివరాలు మీరివ్వాలి. "స్వీట్లు, 4 కిలోలు" అని రాస్తే ప్రశ్నలు వస్తాయి. "బియ్యప్పిండి, బెల్లంతో చేసి నేతిలో వేయించిన తీపి వంటకం, 1 కిలో" అని ఒక్కో వంటకు ఒక్కో వరుస రాయాలి. మీ వంటశాల ఎఫ్‌డీఏ దగ్గర నమోదై ఉండాలి. ఆ నమోదును సరి సంఖ్య ఏళ్లలో అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 లోపు పునరుద్ధరించాలి. అది సరిగ్గా సంక్రాంతి హడావుడిలోనే వస్తుంది కాబట్టి అక్టోబరు మొదటి వారంలోనే ముగించండి.

నాలుగో మాట: నువ్వులు. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో లేబుల్ మీద తప్పక చెప్పవలసిన ప్రధాన అలర్జీ పదార్థాల్లో నువ్వులు తొమ్మిదోవి. అరిసెల మీద అద్దినవి, సకినాల పిండిలో కలిపినవి, నువ్వుండలు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. మన లేబుళ్ల మీద "తిల్" అనో "జింజెలీ" అనో ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. అది చాలదు, "సెసమీ" అనే మాటే ఉండాలి. నెయ్యి వాడితే "మిల్క్" అనాలి. జీడిపప్పు ఉంటే "నట్స్" అని సరిపెట్టకుండా "క్యాష్యూ" అని పేరు చెప్పాలి. పోస్టులోనూ ఇవే రాయండి. అలర్జీ ఉన్న పిల్లల తల్లులు ఆర్డరు పెట్టే ముందు చూసేది ఆ వరుసనే.

పెట్టెలో మాంసం పచ్చడి సీసా ఒక్కటి పెట్టమని అడిగినా ఒప్పుకోకండి. ఆ సీసాతోపాటు మొత్తం పెట్టె ఆగిపోవచ్చు. ఇదే పోస్టును బ్రిటన్, ఆస్ట్రేలియా కుటుంబాలకు పంపకండి. పాల పదార్థాల విషయంలో అక్కడి నియమాలు వేరు, ఇంకా కఠినం. ఒక్కో దేశానికి ఒక్కో పోస్టు ఉండాలి.

5. పోస్టు రాయడం

ముందు ఎలా రాయకూడదో చూడండి:

"సంక్రాంతి స్పెషల్! అమ్మ చేతి రుచి ఇప్పుడు అమెరికాలో! 5 రోజుల్లో డెలివరీ గ్యారంటీ! కస్టమ్స్ టెన్షన్ లేదు! వెంటనే ఆర్డర్ చేయండి!"

ఇందులో తేదీ లేదు, దేశపు నియమం లేదు, పెట్టెలో ఏముందో లేదు. ఉన్న రెండు హామీలూ మన చేతిలో లేనివి. విమానం మనది కాదు, కస్టమ్స్ అధికారి మన మనిషి కాడు.

ఇప్పుడు మేము వాడేది:

"సంక్రాంతి పెట్టె – అమెరికాకు మాత్రమే.
అరిసెలు 1 కిలో, జంతికలు (మురుకులు) 1 కిలో, సకినాలు 1 కిలో, సున్నుండలు అర కిలో, నువ్వుండలు అర కిలో.
ఆఖరి బుకింగ్: డిసెంబరు 18, భారత కాలమానం రాత్రి 8 గంటలు (న్యూజెర్సీలో ఉదయం 9:30, డాలస్‌లో 8:30, కాలిఫోర్నియాలో 6:30).
వండే రోజులు: డిసెంబరు 21, 22. చేరుతుందని మా అంచనా: జనవరి 7 నుంచి 11 మధ్య. ఇది అంచనా మాత్రమే. కస్టమ్స్ తనిఖీ, వాతావరణం వల్ల ఆలస్యం కావచ్చు.
ధరలో రవాణా, ఈ పోస్టు తేదీన ఉన్న రేటు ప్రకారం కస్టమ్స్ సుంకం కలిసి ఉన్నాయి. రేటు మారితే పెట్టె పంపే ముందే ఫోను చేసి చెబుతాం. వద్దనుకుంటే పూర్తి డబ్బు తిరిగి ఇస్తాం.
బిల్లులో అసలు ధరే వేస్తాం.
ఇందులో నువ్వులు, నెయ్యి ఉన్నాయి.
పంపవలసినవి: అందుకునేవారి పూర్తి పేరు, అపార్ట్‌మెంట్ నంబరుతో చిరునామా, అయిదంకెల జిప్ కోడ్, అమెరికా ఫోను నంబరు."

ఇది పొడవుగా ఉందని మొదట్లో నేనూ అనుకున్నాను. కానీ ఇది పెట్టిన ఏడాది "ఎప్పటికి వస్తుంది", "కస్టమ్స్ ఎవరు కడతారు" అనే ఫోనులు బాగా తగ్గాయి. ఫొటో మీద మాత్రం మూడే ఉంచండి: పెట్టె పేరు, ఆఖరి తేదీ, దేశం. ఎందుకంటే ఫొటోను ఒక్కదాన్నే కుటుంబ గ్రూపుల్లో పంపుకుంటారు, కింది రాత దానితో వెళ్లదు.

పోస్టు పెట్టే ముందు సరిచూసుకోండి:

- తేదీ, గంట, ఎక్కడి గంటో ఉందా?
- "గ్యారంటీ" అనే మాట ఎక్కడా లేదు కదా?
- సుంకం ఎవరు కడతారో ఒకే వాక్యంలో తెలుస్తోందా?
- నువ్వులు, నెయ్యి, గింజల పేర్లు ఉన్నాయా?
- ఫొటోలో ఉన్నవే పెట్టెలో ఉన్నాయా?

6. ఏ రోజు, ఏ గంటకు పెట్టాలి

ఈ పోస్టును చదివేవాళ్లు రెండు చోట్ల ఉంటారు. డబ్బు కట్టేది తరచుగా ఇక్కడి అమ్మానాన్నలు, అడిగేది అక్కడి పిల్లలు. ఇద్దరూ మేలుకుని, తీరికగా ఉండే గంట ఒకటుంది: శనివారం ఉదయం 7:30. అప్పుడు న్యూజెర్సీలో శుక్రవారం రాత్రి 9, డాలస్‌లో 8, కాలిఫోర్నియాలో సాయంత్రం 6. వారం పని ముగించుకుని ఇంటికి ఫోను చేసే వేళ కూడా అదే. అక్టోబరులో పెడితే ఈ లెక్క ఒక గంట మారుతుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు.

నాలుగు పోస్టులు చాలు. నవంబరు మూడో శనివారం పెట్టె వివరాలతో మొదటిది. డిసెంబరు మొదటి శనివారం కస్టమ్స్, లేబుల్ గురించి రెండోది. దీనికి లేబుల్‌ను దగ్గరగా తీసిన ఫొటో పెట్టండి, అక్షరాలు చదవగలిగేలా. డిసెంబరు 16 ఉదయం "ఇంకా రెండు రోజులు" అని మూడోది. 18 రాత్రి 8 గంటలకు "బుకింగులు ముగిశాయి" అని నాలుగోది. ఈ నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే పాత పోస్టు చూసి 24వ తేదీన కూడా డబ్బు పంపేస్తారు.

ముగిసిన తరువాత అడిగేవాళ్లను కాదనవలసిన పని లేదు. "పండుగకు చేరదు, జనవరి మూడో వారానికి చేరవచ్చు, సరేనా?" అని అడిగి, వాళ్ల జవాబును రాతలో తీసుకున్నాకే డబ్బు తీసుకోండి.

7. పెట్టె బయలుదేరాక

బయలుదేరిన రోజే ట్రాకింగ్ నంబరుతోపాటు ఇంకో రెండు మాటలు పంపండి. ఒకటి: కొరియర్ నుంచి తెలియని నంబరుతో ఫోను రావచ్చు, తీయండి. అమెరికాలో తెలియని నంబర్లు చాలామంది తీయరు, దానివల్లే పెట్టెలు వెనక్కి వెళ్తాయి. రెండోది: సుంకం మేము కట్టేశాం కాబట్టి డబ్బు కట్టమని లింకు వస్తే నొక్కకండి, ముందు మాకు చూపించండి. పండుగ రోజుల్లో ఇలాంటి దొంగ సందేశాలు ఎక్కువగా వస్తాయి.

ట్రాకింగ్‌లో కస్టమ్స్ దగ్గర మూడు పని దినాలు కదలిక లేకపోతే, కొనుగోలుదారు అడిగేవరకూ ఆగకండి. ముందు కొరియర్‌కు ఫోను చేసి ఒకే ప్రశ్న అడగండి: కాగితం కావాలా, తనిఖీలో ఉందా? కాగితమైతే, అంటే ఒక వంట వివరం చాలకపోవడమో ఎఫ్‌డీఏ ముందస్తు సమాచారపు నంబరు సరిపోలకపోవడమో అయితే, ఆ రోజే పంపవచ్చు. తనిఖీ అయితే మనం చేయగలిగింది లేదు, ఎదురుచూడాలి. అప్పుడు కొనుగోలుదారుకు ఇలా రాయండి:

"అమ్మా, మీ పెట్టె చికాగో కస్టమ్స్‌లో తనిఖీ కోసం ఆగింది. కాగితాలన్నీ సరిగా ఉన్నాయని కొరియర్ ఈ ఉదయం చెప్పింది. ఎప్పుడు వదులుతారో వాళ్లు చెప్పలేదు. ఎల్లుండి సాయంత్రంలోగా కదిలినా కదలకపోయినా నేనే ఫోను చేస్తాను."

ఎల్లుండి సాయంత్రం ఫోను చేయండి, చెప్పడానికి కొత్త విషయం లేకపోయినా సరే.